ఉమ్మడి ఇంట్లో ఉండి ప్రేమలో పడితే: ఎట్లా దాచాను, ఎప్పుడు చెప్పాను

ఈ రోజు టాపిక్ చాలా మంది అడిగిందే. ఇంట్లో అమ్మానాన్నలతో ఉంటున్నాం, పైగా ఉమ్మడి కుటుంబం, ఒకరిని ఇష్టపడుతున్నాం, ఇప్పుడేం చేయాలి? హాస్టల్‌లో ఉండేవాళ్ళకి ఈ బాధ అంతగా అర్థం కాదు. అందుకే వేరేవాళ్ళ కథ కాకుండా నాదే చెప్తాను. అతని పేరు మాత్రం చెప్పను, అతని పర్మిషన్ అంతవరకే ఉంది. ఖమ్మం అబ్బాయి అని పిలుచుకుందాం.

ముందు మా ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పాలి. సరూర్‌నగర్‌లో రెండంతస్తుల ఇల్లు. కింద నాయనమ్మ, పెదనాన్న, పెద్దమ్మ. పైన అమ్మ, నాన్న, నేను, తమ్ముడు. పెదనాన్న కూతురు, మా అక్క, పెళ్ళయి కూకట్‌పల్లిలో ఉంటుంది, వారానికోసారి వస్తుంది. వంట ఒక్కటే, కింద. నాకు రూమ్ ఉంది కానీ దానికి తలుపు వేసుకునే అలవాటు లేదు. తలుపు వేస్తే రెండు నిమిషాల్లో "ఒంట్లో బాలేదా?" అని ఎవరో ఒకరు వస్తారు. అది నిఘా కాదు, ప్రేమే. కానీ ఫోన్ మాట్లాడాలనుకునేవాళ్ళకి రెండూ ఒకటే.

బాత్రూమ్‌లో మాట్లాడదామంటే గొంతు రెండింతలై వెంటిలేటర్‌లోంచి పక్కింటికి పోతుంది. డాబా మీద మాట్లాడితే మెట్ల గదిలోంచి కిందికి దిగి సరిగ్గా నాయనమ్మ మంచం దగ్గర ఆగుతుంది. ఆ సంగతి నాయనమ్మే చెప్పింది, "రాత్రి ఎవరో డాబా మీద నవ్వుతున్నరు" అని. దొంగలేమో అని నాన్న కర్ర పట్టుకొని వెళ్ళి చూసొచ్చారు కూడా.

అందుకని మేం ఇంట్లో మాట్లాడుకోవడం దాదాపు మానేశాం. మా ఇద్దరి ఆఫీసులూ రాయదుర్గ్ వైపే. నేను చైతన్యపురిలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి బ్లూ లైన్‌కి మారాలి. అతని హాస్టల్ అమీర్‌పేటలోనే. సో రోజూ పొద్దున అమీర్‌పేట నుంచి రాయదుర్గ్ దాకా కలిసి వెళ్ళేవాళ్ళం. లేడీస్ కోసం ఉంచిన భాగం ఎక్కడ అయిపోతుందో సరిగ్గా అక్కడ, రాడ్డు పట్టుకొని నిలబడేవాళ్ళం. రద్దీలో చెవిలో అరిస్తే తప్ప వినపడదు. కానీ ఆ టైమ్‌కి నేను ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు, ఎందుకంటే నేను నిజంగానే ఆఫీసుకి వెళ్తున్నా. నాకు అప్పుడు అర్థమైంది, ఉమ్మడి ఇంట్లో ఉన్నవాళ్ళకి కావాల్సింది ప్లేస్ కాదు, లెక్క అడగని టైమ్. ఆదివారం సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద రెండు గంటలు కావాలంటే ఒక కథ అల్లాలి. రోజూ పొద్దున అరగంటకి ఏ కథా అక్కర్లేదు. లంచ్ టైమ్ కూడా అంతే.

ఇక దాచడం గురించి. అందరూ ఫోన్‌కి లాక్ పెడితే చాలనుకుంటారు. వాట్సాప్‌లో చాట్ లాక్ ఉంది. ఒక చాట్‌ని లాక్ చేస్తే అది లిస్ట్‌లో కనిపించదు, నోటిఫికేషన్‌లో పేరు రాదు, మెసేజ్ రాదు. సీక్రెట్ కోడ్ పెట్టుకుంటే ఆ లాక్డ్ ఫోల్డర్ కూడా కనిపించకుండా చేయొచ్చు, సెర్చ్‌లో కోడ్ కొడితేనే వస్తుంది. బానే ఉంది. కానీ చాట్ లాక్ చేసినా కాల్ మామూలుగానే మోగుతుంది. ఇంకోటి, ఇంట్లో లాప్‌టాప్‌లో ఎప్పుడో వాట్సాప్ వెబ్ ఓపెన్ చేసి లాగౌట్ చేయకపోతే అది అట్లాగే ఉండొచ్చు. ఆ లాప్‌టాప్ మీదే తమ్ముడు ప్రాజెక్ట్ చేసుకుంటూ ఉంటాడు. సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ అని ఉంటుంది, ఈ వీడియో అయ్యాక ఒకసారి చూసుకోండి.

కానీ మా విషయంలో బయటపడింది మా ఫోన్లలోంచి కాదు. ఇంటి పేరు మీద ఉన్న వస్తువుల్లోంచి. మధ్యతరగతి ఇళ్ళలో బండి నాన్న పేరు మీద ఉంటుంది, కారు పెదనాన్న పేరు మీద ఉంటుంది, వాటికి ఇచ్చిన ఫోన్ నంబర్లు కూడా వాళ్ళవే.

మొదటిది అతని వైపు. 2023లో ఒక ఆదివారం ట్యాంక్‌బండ్ మీద బండి మీద వెళ్తున్నాం. అతనికి హెల్మెట్ ఉంది, నాకు లేదు. వెనక కూర్చున్నవాళ్ళకీ హెల్మెట్ ఉండాలి కదా, ఫొటో కొట్టారు. చలాన్ ఎవరికి పోతుంది? బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ నంబర్‌కి. బండి ఖమ్మంలో ఉన్న వాళ్ళ నాన్నది. ఆయన చలాన్ ఓపెన్ చేసి చూస్తే, ఫొటోలో కొడుకు, వెనకాల ముఖానికి చున్నీ కట్టుకున్న నేను. డేట్, టైమ్, ప్లేస్ అన్నీ రాసి ఉన్నాయి. ప్రభుత్వం వారి ప్రీ వెడ్డింగ్ షూట్ అన్నమాట. ఆయన ఫోన్ చేసి ఒక్కటే అడిగారట, "చలాన్ నేను కడతా గానీ, వెనక ఎవర్రా?" అని.

టోల్ గేట్లు కూడా ఇంతే. ఫాస్టాగ్ నాన్న నంబర్ మీద ఉంటే, మీరు ఉప్పల్‌లో ఫ్రెండ్ ఇంట్లో ఉన్నానని చెప్పి విజయవాడ రోడ్డెక్కితే, మీరు పంతంగి టోల్ దాటగానే నాన్న ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

రెండోది మా ఇంట్లో. ఇది మాత్రం జీవితంలో మర్చిపోను. అతని నంబర్‌ని నేను "శిరీష ఆఫీస్" అని సేవ్ చేసుకున్నా. అందరం పెదనాన్న కారులో యాదగిరిగుట్టకి వెళ్తున్నాం. ముందు పెదనాన్న, నాన్న. వెనక అమ్మ, నాయనమ్మ, నేను. అంతకుముందు వారం పాటలు పెట్టడానికి నా ఫోన్‌ని ఆ కారు బ్లూటూత్‌కి కలిపాను. మీకు తెలుసు కదా, ఒకసారి కలిపితే తర్వాత కారు స్టార్ట్ అవగానే దానంతట అదే కలుస్తుంది. ఫోన్ నా బ్యాగ్‌లో సైలెంట్‌లో ఉంది, నేను హాయిగా కిటికీలోంచి చూస్తున్నా. ముందు స్క్రీన్ మీద పెద్దక్షరాలతో "శిరీష ఆఫీస్" అని వచ్చింది. పెదనాన్నకి ఏదైనా మోగితే ఎత్తడం అలవాటు. స్టీరింగ్ మీద బటన్ నొక్కారు. నాలుగు స్పీకర్లలోంచి మగ గొంతు, చాలా తీపిగా, "తిన్నావా?" అంది.

కారులో ఎవ్వరూ మాట్లాడలేదు. నేను గట్టిగా "రాంగ్ నంబర్" అని అరిచాను. సేవ్ చేసుకున్న పేరు కనిపిస్తుంటే రాంగ్ నంబర్ ఏంటి? అతను టక్కున పెట్టేశాడు. నాయనమ్మ అడిగింది, "గొంతు గట్లయిందేంది శిరీషకు, సర్ది చేసిందా?" నేను ఆ దారం పట్టుకుని, "శిరీష వాళ్ళ తమ్ముడు నాయనమ్మా, వాళ్ళ అక్క అనుకుని నాకు చేశాడు" అని ఏదో అర్థం లేని మాట చెప్పాను. పెదనాన్న అద్దంలో ఒకసారి చూశారు. నాన్న చూడలేదు. నేను బతికిపోయాననుకున్నా.

ఇప్పుడు ఈ శిరీష గురించి చెప్పాలి, ఎందుకంటే తర్వాత నన్ను ముంచింది శిరీషే. శిరీష అనే మనిషి లేదు. ఫోన్‌లో పేరుగా మొదలుపెట్టాను. తర్వాత "ఎక్కడికి?" అంటే "శిరీషతో" అనడం ఈజీ అయింది. ఆదివారం లేటయితే "శిరీషకి బాలేదు, హాస్పిటల్‌కి తీసుకెళ్ళా" అన్నాను. అమ్మ నమ్మింది. నమ్మడమే కాదు, ఆ పిల్ల హాస్టల్‌లో ఉంటుంది, ఏం తింటుందో ఏమో అని డబ్బా కట్టడం మొదలుపెట్టింది. పులిహోర చేస్తే శిరీషకి ఒక డబ్బా. సకినాలు చేస్తే శిరీషకి ఒక కవర్. అవన్నీ రాయదుర్గ్ వెళ్ళే మెట్రోలో ఖమ్మం అబ్బాయికి చేరేవి. అప్పుడు మాకు భలే నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

విషయం చెప్పకపోవడం వేరు, లేని మనిషిని పుట్టించడం వేరు. "లేటవుతుంది, బయటికెళ్తున్నా" అన్నామనుకోండి, ఒక ప్రశ్న వస్తుంది, కొంచెం మొహం మాడ్చుకుంటారు, అయిపోతుంది. 25 ఏళ్ళ మనిషికి ఆ మాత్రం చెప్పని టైమ్ ఉంటుందని ఇల్లు మెల్లగా అలవాటు పడుతుంది. కానీ జ్వరాలు వచ్చే, పుట్టినరోజులుండే ఒక ఫ్రెండ్‌ని సృష్టిస్తే, ఇంట్లోవాళ్ళు ఆ మనిషి మీద ప్రేమ పెంచుకుంటారు. అబద్ధం బయటపడిన రోజు వాళ్ళకి ముందు తగిలేది లవ్ విషయం కాదు, ఆ ప్రేమ.

దాచడంలో ఇంకో ప్రమాదం ఉంది, అమ్మాయిలు ఇది కొంచెం జాగ్రత్తగా వినండి. ఇంట్లో అబద్ధం చెప్పి బయటికి వెళ్ళిన రోజు మనం ఎక్కడున్నామో ఇంట్లో ఎవ్వరికీ తెలియదు. బండి పడిపోయినా, ఫోన్ ఆగిపోయినా, వాళ్ళు వెతికేది ఉప్పల్‌లో, మనం ఉండేది ఇంకెక్కడో. అందుకే నిజం తెలిసిన మనిషి ఒకరుండాలి. నాకు మా అక్క. మొదటి నెలలోనే తనకి చెప్పాను. అతని ఫొటో, నంబర్, హాస్టల్ పేరు తన దగ్గరుండేవి. ఎక్కడికైనా దూరం వెళ్తే వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకి పెట్టేదాన్ని. ఆ ఒక్కరు ఫ్రెండ్ అయినా పర్లేదు కానీ, అర్ధరాత్రి ఫోన్ చేస్తే మీ ఇంటికి రాగలిగే మనిషి అయ్యుండాలి.

ఆ మనిషి ఉండడం వల్ల ఇంకో లాభం ఉంది. నా ఫ్రెండ్ ఒకమ్మాయి విడిపోదామంటే, అవతలి వాడు "మీ ఇంట్లో చెప్తా, ఫొటోలు మీ నాన్నకి పంపుతా" అన్నాడు. ఆమెకి ఎవరికీ చెప్పుకునే దారి లేక ఇంకో ఆరు నెలలు వాడితో ఉంది. గుట్టుగా ఉంచిన ప్రతి విషయం ఎవరో ఒకరి చేతిలో తాడు అవుతుంది. ఎవరైనా అట్లా బెదిరిస్తే అది నేరం, షీ టీమ్స్‌కి చెప్పొచ్చు, ఆన్‌లైన్ ఫొటోల విషయమైతే 1930కి కాల్ చేయొచ్చు. ఆమె చివరికి చేసిన పని మాత్రం ఇంకోటి. తనే వాళ్ళమ్మకి చెప్పేసింది. వాడి దగ్గర ఇంకేం మిగల్లేదు.

సరే, ఎప్పుడు చెప్పాలి?

ముందు ఒక చేదు నిజం. మన ఇళ్ళల్లో డేటింగ్ అనే మాటకి అర్థం లేదు. మీరు "ఒకబ్బాయి అంటే ఇష్టం" అంటే వాళ్ళకి వినపడేది "పెళ్ళెప్పుడు?" అని. వారంలో కులం, ఊరు, జీతం అన్నీ ఎంక్వయిరీ అయిపోతాయి. నా కొలీగ్ ఒకమ్మాయి పరిచయమైన మూడు నెలలకే నిజాయితీగా ఇంట్లో చెప్పింది. ఐదో నెలలో వాళ్ళిద్దరికీ కుదర్లేదు, విడిపోయారు. ఇంట్లో మాత్రం అది "చెడిపోయిన సంబంధం" కింద లెక్కయింది, కంగారుగా వేరే సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. కాబట్టి మీకే ఇంకా తెలియని విషయాన్ని ఇంట్లో చెప్పకపోవడం తప్పు కాదని నేననుకుంటా.

మరి లేటయితే? పెళ్ళిచూపులు అయ్యాక చెబితే గొడవ మీకూ మీ నాన్నకూ మధ్య ఉండదు. అవతల ఇంకో కుటుంబం వచ్చి స్వీట్లు తిని వెళ్ళింది. మీ నాన్న మాట ఇచ్చారు. ఇప్పుడు మీరు చెప్పేది ఆయనకి పరువు పోయే విషయం. అంటే గడువు అక్కడ ఉంది. మీ బయోడేటా, ఫొటో బయటికి వెళ్ళొచ్చు, మధ్యవర్తి ఫోన్లు రావొచ్చు. కానీ ఒక కుటుంబం మీ ఇంటి గుమ్మం ఎక్కేలోపు చెప్పాలి.

నాకు ఆ గడువు 2024 ఆషాఢంలో వచ్చింది. పెద్దమ్మ తెచ్చిన సంబంధం, అబ్బాయి బెంగళూరు. ఆషాఢంలో మంచి పనులు పెట్టుకోరు కాబట్టి, "శ్రావణం రాగానే చూడటానికొస్తరు" అన్నారు. అంటే నాకు ఉన్నది మూడు వారాలు. అందులో బోనాలు. మా ఇంట్లో బోనాల ఆదివారం అంటే ముప్పై మంది. చుట్టాలున్నప్పుడు చెప్పడం అంటే ఊరికి చెప్పడమే. చుట్టాలెవరూ లేకుండా, శ్రావణం ఇంకా రాకుండా ఉన్నది బోనాల తర్వాత వారం ఒక్కటే. ఆ వారం పెట్టుకున్నాం.

ఎవరికి ముందు అనేది ఉమ్మడి ఇంట్లో సగం పని. పెదనాన్నకి ముందు చెబితే పని జరుగుతుందేమో అనిపించింది, ఇంట్లో ఆయన మాటే మాట. కానీ నాన్నకి? "నా బిడ్డ విషయం మా అన్న చెబితే నాకు తెలిసింది" అని జీవితాంతం గుచ్చుకుంటుంది. అమ్మకి ముందు చెప్పి "నాన్నకి నువ్వే చెప్పు" అంటే, అమ్మని ఇరికించడమే. రేపు గొడవయితే "నీకు ముందే తెలుసు కదా" అని ఆమెనే అంటారు. మా అక్క ఒక లెక్క చెప్పింది. అమ్మకి ముందు చెప్పు, కానీ రెండు రోజుల్లో నాన్నకి నువ్వే చెప్పు, అమ్మ మోసే బరువు రెండు రోజులే ఉండాలి. నాన్నకి చెప్పిన మర్నాడే పెదనాన్నకి నాన్నతోనే చెప్పించు. ఆ వరస నాకు బాగా నచ్చింది.

దానికి ముందు మేమిద్దరం ఒక ఆదివారం కూర్చుని మూడు విషయాలు తేల్చుకున్నాం. ఒకటి, రెండు ఇళ్ళలో ఒకే వారం చెప్పాలి, ఒకరు చెప్పి ఒకరు ఆగకూడదు. రెండు, కాదంటే ఏం చేస్తాం? పారిపోం, కానీ వేరే సంబంధానికి కూర్చోం, టైమ్ ఇస్తాం. మూడు, కాగితాలు. నవ్వకండి. నా టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు నాన్న బీరువాలో ఉన్నాయి. ఆఫీసులో వెరిఫికేషన్ కోసం అవి నిజంగానే అడిగారు, తీసుకున్నా, తిరిగి పెట్టలేదు. బ్యాంక్ అకౌంట్‌కి నాన్న నంబర్ ఉంటే నాది పెట్టించా. మా నాన్న మంచి మనిషి. అయినా కోపంలో ఉన్న మంచి మనుషులు కూడా బీరువా తాళం జేబులో వేసుకుంటారు.

మంగళవారం వర్క్ ఫ్రమ్ హోమ్. పెద్దమ్మ గుడికెళ్ళింది, నాయనమ్మ పడుకుంది. అమ్మ డాబా మీద బట్టలు తీస్తుంటే వెళ్ళి చెప్పా. అమ్మ చేతిలో బట్టలు అట్లానే పట్టుకుని కులం అడిగింది. చెప్పాను, వేరే. ఎన్నాళ్ళ నుంచి అంది. రెండేళ్ళు అన్నా. కాసేపు ఏం అనలేదు. తర్వాత అడిగింది, "శిరీషకు తెలుసా?" అని.

నేను చెప్పాల్సి వచ్చింది. శిరీష లేదమ్మా అని.

అమ్మ ఏడుస్తుందని రెడీగా ఉన్నా, అరుస్తుందని రెడీగా ఉన్నా. అమ్మ బట్టలు మడతపెడుతూ, "మరి ఆ పిల్లకు టైఫాయిడ్ అంటే నేను మొక్కుకున్న కదా" అంది. అంతే. నిజం చెప్తున్నా, అతని కులం గురించి ఎన్ని మాటలన్నా నాకు అంత తగిలేది కాదు.

నాన్నకి గురువారం. ఇక్కడ ఇంకో సమస్య, దాచడానికే కాదు, చెప్పడానికి కూడా ఇంట్లో ప్రైవసీ లేదు. మా ఇంట్లో గొంతు పెరిగితే కింద మూడు ప్రాణాలు లేచి కూర్చుంటాయి, ఒకసారి పెదనాన్న మెట్లెక్కితే ఇక నాన్న తన మనసులో మాట చెప్పలేరు, అన్న ముందు తమ్ముడిగా మాట్లాడతారు. అందుకని ఆ రోజు సాయంత్రం "నాన్నా, చైతన్యపురి మెట్రో దగ్గరికి రా, నీతో మాట్లాడాలి" అని ఫోన్ చేశా. స్కూటర్ మీద వచ్చారు. స్టేషన్ పక్కన టీ కొట్టు దగ్గర నిలబడి చెప్పాను. ఇంటి బయట, నలుగురి మధ్య, ఇద్దరమూ అరవలేని చోటు. కావాలనే ఆ ప్లేస్ పెట్టుకున్నా.

ముందు చెప్పాల్సిన వాక్యం నేను ప్రాక్టీస్ చేసుకున్నా: "నాన్నా, పెద్దమ్మ చెప్పిన సంబంధం వద్దు. నాకొక అబ్బాయి అంటే ఇష్టం, అతన్నే చేసుకోవాలనుకుంటున్నా. నీకు తెలియకుండా ఏం చేయను." ఈ మూడూ మొదటి నిమిషంలోనే వచ్చేయాలి, ఎందుకంటే తర్వాత వాళ్ళకి వినపడదు. నాన్న కులం అడుగుతారనుకున్నా, జీతం అడుగుతారనుకున్నా, అన్నీ నోటికి రాసి పెట్టుకున్నా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఇంకెవరికి తెలుసు?"

ఉమ్మడి ఇంట్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి నిజమే చెప్పండి. నేను "అక్కకి, మొన్నటి నుంచి అమ్మకి, అంతే" అన్నాను. అన్నకి తెలియదు అనగానే ఆయన భుజాలు కొంచెం కిందికి దిగాయి. తర్వాత రెండో ప్రశ్న. "గుట్టకు పోయేటప్పుడు కార్ల ఫోన్ చేసిందెవరు?"

అంటే ఆ రోజు అద్దంలో చూడకపోయినా విన్నారు. ఏడాది పైగా అడగలేదు. "నువ్వు చెప్తవేమో అని చూసిన బిడ్డా" అన్నారు. టీ చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు నాన్న నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

ఇక్కడ ఒక మాట ఆపి చెప్పాలి. ఇది మా ఇల్లు. మా నాన్నకి కోపం వస్తే మాట్లాడటం మానేస్తారు. అందరి ఇళ్ళూ ఇట్లా ఉండవు. 2018లో మిర్యాలగూడలో కులాంతర పెళ్ళి చేసుకున్న అబ్బాయిని గర్భిణిగా ఉన్న భార్య ముందే చంపించింది ఆ అమ్మాయి తండ్రే. 2025లో నల్గొండ కోర్టు ఆ కేసులో శిక్షలు వేసింది. కోపానికీ ప్రమాదానికీ తేడా మీకు ముందే తెలుస్తుంది. ఇంతకుముందు మీ చుట్టాల్లో ఎవరైనా ఇట్లా చేసుకుంటే మీ ఇంట్లో ఏమన్నారు? "మన ఇంట్లో అయితే నరికేస్తం" అన్న మాటని నవ్వుతూ అన్నారా, నిజంగా అన్నారా? ఇంట్లో చెయ్యి లేవడం మామూలేనా? ఫోన్ లాక్కోవడం, గదిలో పెట్టడం ఎప్పుడైనా జరిగిందా? అవును అయితే మంచి టైమ్ చూసి టీ కొట్టు దగ్గర చెప్పమని నేను చెప్పను. ముందు మీరు వేరే ఊళ్ళోనో, హాస్టల్‌లోనో, సొంత జీతం మీద ఉండాలి. చెప్పేది ఫోన్‌లో చెప్పినా తప్పు లేదు.

చట్టం మీ వైపే ఉంది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇట్లాంటి జంటలకి రక్షణ ఇవ్వాలని, సేఫ్ హౌస్‌లు పెట్టాలని సుప్రీంకోర్టు 2018లో శక్తి వాహిని కేసులో చెప్పింది. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు. గుట్టుగా అయిపోతుందనుకుని వెళ్ళి, మధ్యలో ఇంట్లో తెలిసిపోయిన వాళ్ళున్నారు. ప్రమాదం అనిపిస్తే 112, అమ్మాయిలకి 181.

మా కథకొస్తే, శుక్రవారం నాన్నే పెదనాన్నకి చెప్పారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, కింద గదిలో గంటన్నర ఉన్నారు. బెంగళూరు వాళ్ళకి "అమ్మాయి ఇప్పుడే చేసుకోదంట" అని పెద్దమ్మ ఫోన్ చేసింది, చేసి రెండు వారాలు నాకు అన్నం వడ్డించలేదు. అదే వారం ఖమ్మంలో అతనూ చెప్పాడు. వాళ్ళ నాన్న అన్నారట, "చలాన్ల పిల్లేనా?" అని.

నాలుగు నెలల తర్వాత, సంక్రాంతికి ముందు, నాన్న అతన్ని ఒకసారి చూస్తానన్నారు. మళ్ళీ అదే టీ కొట్టు. అతను ఆ రోజు రెండు హెల్మెట్లు పట్టుకొచ్చాడు, ఎందుకో నాకర్థం కాలేదు, భయంలో ఏదో ఒకటి తెచ్చాడు. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. నన్ను మెట్రో మెట్ల మీద నిలబడమన్నారు.

ఇప్పటికీ డేట్ ఏం పెట్టలేదు. పెదనాన్న ఇంకా ఒప్పుకోలేదు, ఆయన ముందు ఆ పేరు ఎత్తం. నాన్న నాతో మాట్లాడుతున్నారు. అమ్మ శిరీష గురించి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పోయిన నెల పులిహోర చేసినప్పుడు మాత్రం రెండు డబ్బాలు కట్టి, ఒకటి నా బ్యాగ్‌లో పెడుతూ, "రెండేండ్లు తిన్నడు కదా, ఉప్పు ఎక్కువైందా తక్కువైందా ఒక్కసారన్నా చెప్పలే?" అంది. నేను అతనికి అక్కడే మెసేజ్ చేసి అడిగా. కొంచెం ఎక్కువే అన్నాడు. ఆ మాట అమ్మకి ఇంకా చెప్పలేదు.